అన్ని మతాలూ ఒకటే అయితే కొత్త మతం ఎందుకు?

ప్రశ్న: నాతో పనిచేసే స్నేహితురాలు బహాయి మతస్థురాలు. మనిషి చాలా మంచిది. వాళ్లింట్లో జరిగే ప్రార్థనలకు నన్ను రమ్మంటోంది. "మేము కృష్ణుణ్ణీ నమ్ముతాం, బుద్ధుణ్ణీ, ఏసునూ, మహమ్మద్ ప్రవక్తనూ నమ్ముతాం. అన్ని మతాలూ ఒకటే" అంటుంది. మళ్లీ తనే "మతాలు స్కూల్లో తరగతుల్లాంటివి, ఒక్కో గురువు ఒక్కో తరగతి చెప్పి వెళ్లారు, ఈ కాలానికి బహావుల్లా వచ్చారు" అంటుంది. అంటే మేమింకా కింది తరగతిలోనే ఉన్నామా? అన్నీ ఒకటే అయితే కొత్త మతం ఎందుకు? కృష్ణుణ్ణి నమ్మేవాళ్లు పునర్జన్మ లేదంటారేమిటి? మా నాన్నగారు ఇదంతా మతం మార్చే ఎత్తు అంటున్నారు. వెళ్లాలా వద్దా? వెళ్తే స్నేహం చెడకుండా ఏం అడగాలి? — ఒక పాఠకురాలు

జవాబు: మీ స్నేహితురాలు చెప్పిన రెండు మాటలూ వాళ్ల మతంలో నిజంగా ఉన్నవే. ఒకదాన్ని దాచడానికి ఇంకోటి చెప్పడం లేదు. చిక్కంతా "ఒకటే" అన్న మాటను మీరు ఒకలా, ఆమె ఒకలా అర్థం చేసుకోవడంలో ఉంది. ఎవరి దారిలో వాళ్లు వెళ్లినా చివరికి చేరేది ఒకే చోటికి, కాబట్టి ఎవరూ మారక్కర్లేదు అని మనం సాధారణంగా అనుకుంటాం. బహాయిలు చెప్పేది అది కాదు. వాళ్ల లెక్కలో దారులు చాలా లేవు, ఉన్నది ఒకే మతం. దేవుడు దాన్ని ఒక్కసారిగా కాకుండా విడతలు విడతలుగా, ఆయా కాలాల మనుషులు అందుకోగలిగినంత మేర, ఒక్కో సందేశకుడి ద్వారా పంపుతూ వచ్చాడంటారు. కృష్ణుడు, మోషే, జరతుష్ట్రుడు, బుద్ధుడు, ఏసు, మహమ్మద్, ఆ తర్వాత 19వ శతాబ్దపు ఇరాన్‌లో పుట్టిన బాబ్, బహావుల్లా: వీళ్లంతా వేర్వేరు మతాల స్థాపకులు కారు, ఒకే పనిని ఒకరి తర్వాత ఒకరు కొనసాగించినవాళ్లు. కాబట్టి "అన్నీ ఒకటే" అన్న మాట వెనకాలే "ఇప్పుడు కొత్త విడత వచ్చింది, దాన్ని గుర్తించండి" అన్న మాట కూడా వస్తుంది. మొదటిది విని సంతోషించి, రెండోది విని ఉలిక్కిపడేవాళ్లు చాలామంది. మీరూ అలాగే ఉలిక్కిపడ్డారు.

ఈ సిద్ధాంతం ఎక్కడ మొదటిసారి వివరంగా రాతలోకి వచ్చిందో చూస్తే మీ ప్రశ్నల్లో సగం తేలిపోతాయి. తమాషా ఏమిటంటే అది కూడా ఒకరి సందేహాలకు రాసిన జవాబే. 1844లో షిరాజ్ నగరంలో పాతికేళ్ల వ్యాపారి ఒకాయన, ముస్లింలు ఎదురుచూస్తున్న ఖాయిమ్ తానేనని ప్రకటించుకున్నారు. బాబ్ అన్నది ఆయన బిరుదు. 1850లో తబ్రీజ్‌లో ఆయన్ని కాల్చి చంపారు. ఆయనకు ముగ్గురు మేనమామలు. తండ్రి పోయాక ఆయన్ని పెంచిన మేనమామ ఆయన్ని నమ్మి, అదే ఏడాది ప్రాణం ఇచ్చారు. అందరికంటే పెద్ద మేనమామ హాజీ మీర్జా సయ్యద్ మహమ్మద్ మాత్రం నమ్మలేకపోయారు. ఆయన ఇబ్బంది మనకు ఇట్టే అర్థమవుతుంది. షియా ముస్లింల నమ్మకం ప్రకారం రావలసినవాడు పన్నెండో ఇమామ్. ఆయన 9వ శతాబ్దంలోనే మనుషుల కళ్లకు కనిపించకుండా పోయి, వెయ్యేళ్లుగా అలా అజ్ఞాతంగానే బతికి ఉన్నారు. మరి ఈ కుర్రాడు తమ చెల్లెలి కొడుకు. తమ కళ్ల ముందు పుట్టి పెరిగినవాడు. ఆయనా, ఈయనా ఒకరెలా అవుతారు?

బాబ్ మరణించిన పన్నెండేళ్ల తర్వాత ఆ పెద్ద మేనమామ యాత్రకని ఇరాక్ వెళ్లారు. అప్పటికి బహావుల్లా బాగ్దాద్‌లో ప్రవాసంలో ఉన్నారు. సందేహాలన్నీ కాగితం మీద రాసిమ్మని అడిగి, వాటికి జవాబుగా ఆయన రాసిందే కితాబ్-ఎ-ఈఖాన్. రెండు పగళ్లు, రెండు రాత్రుల్లో పూర్తయిందని బహాయిలు చెబుతారు. మేనమామ నమ్మకస్థుడయ్యారు. మతాల ఏకత్వం గురించి బహాయిలు ఇవాళ ఏం చెప్పినా దాని మూలం చాలావరకు ఈ పుస్తకంలోనే దొరుకుతుంది.

అందులో రెండు విషయాలు మీకు పనికొస్తాయి. మొదటిది, మీరు "కింది తరగతి" అని బాధపడ్డారే, దానికి సంబంధించింది. బహావుల్లా ఖురాన్‌లోని రెండు వాక్యాలను పక్కపక్కన పెడతారు. ఒకచోట, దేవుడి సందేశకుల మధ్య మేము తేడా చూపం అని ఉంటుంది. ఇంకోచోట, కొందరు సందేశకులను మరికొందరి కంటే మిన్నగా చేశామని ఉంటుంది. రెండూ రెండో అధ్యాయంలోనివే. పైకి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. బహావుల్లా వివరణ ఏమిటంటే, ప్రతి సందేశకుడికీ రెండు స్థానాలుంటాయి. ఒకటి ఏకత్వ స్థానం: అందరూ ఒకే సింహాసనం మీద కూర్చున్నవాళ్లు, ఒకే మాట పలికేవాళ్లు. ఆ స్థాయిలో ఒకరిని ఇంకొకరి పేరుతో పిలిచినా తప్పు లేదు. ప్రతి ఒక్కరూ "నేనే మొదటివాణ్ణి" అన్నా, "నేనే చివరివాణ్ణి" అన్నా నిజమే. మహమ్మద్ ప్రవక్తను చివరి ప్రవక్తగా చెప్పే వాక్యాన్ని ఆయన ఇలాగే వివరిస్తారు. రెండోది ప్రత్యేకత స్థానం: ఒక్కొక్కరికీ విడిగా పేరు, కాలం, పని, చట్టం ఉంటాయి. హెచ్చుతగ్గులు కనిపించేది ఇక్కడ మాత్రమే. ఆ హెచ్చుతగ్గులు చెప్పినవాడి జ్ఞానంలోవి కావు. వినేవాళ్ల కాలానికి ఎంత అవసరమో, ఎంత పట్టగలదో దాన్నిబట్టి వచ్చినవి.

తరగతుల పోలిక పిల్లలకు చెప్పడానికి సులువుగానే ఉంటుంది గానీ, నా దృష్టిలో అది ఈ సిద్ధాంతానికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. వినేవాళ్లకు "నువ్వు చిన్న తరగతి, నేను పెద్ద తరగతి" అన్నట్టే వినిపిస్తుంది. బహాయి గ్రంథాల ప్రకారం కృష్ణుడి కంటే బహావుల్లా ఎక్కువ అని బహాయి అనకూడదు. అలా అంటే ఏకత్వ స్థానాన్ని కాదన్నట్టే. వాళ్ల గ్రంథాల్లో పదే పదే కనిపించే పోలిక సూర్యుడిది. ఋతువును బట్టి సూర్యుడు ఉదయించే చోటు మారుతుంది, ఎండ తీవ్రత మారుతుంది, సూర్యుడు మాత్రం ఒక్కడే. నిన్నటి తూర్పు దిక్కునే చూస్తూ కూర్చున్నవాడికి ఇవాళ్టి ఉదయం కనిపించదు అనేది ఆ పోలికలోని చురక. ఈ చురక మీకు నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి. కానీ అందులో కింది తరగతి, పై తరగతి లేవు.

రెండో విషయం మీ అసలు ప్రశ్నకు, అంటే కొత్త మతం ఎందుకన్నదానికి సంబంధించింది. బహావుల్లా కొడుకు అబ్దుల్ బహా మతాన్ని రెండు భాగాలుగా చూడమన్నారు. దైవచింతన, సత్యం, దయ, న్యాయం లాంటివి మూల భాగం. అవి ఏ సందేశకుడు వచ్చినా మారవు, ప్రతిసారీ తాజా అవుతాయంతే. ప్రార్థన విధానం, ఉపవాసం, పెళ్లి, విడాకులు, ఆహార నియమాలు, శిక్షలు లాంటివి కాలంతో పోయే భాగం. వాటిని కొత్త సందేశకుడు ఉంచవచ్చు, మార్చవచ్చు, ఎత్తేయవచ్చు. మోషే విధించిన సబ్బాతు నియమాలనూ విడాకుల నియమాన్నీ ఏసు మార్చడం ఆయన తరచుగా చెప్పే ఉదాహరణ.

వినడానికి ఇది చాలా సాఫీగా ఉంటుంది. మారే భాగం మారినప్పుడు మనుషులకు ఏమవుతుందో చూస్తేగానీ దీని అసలు బరువు తెలియదు. ఈఖాన్‌లో బహావుల్లా దీనికొక సంఘటన చెబుతారు. మహమ్మద్ ప్రవక్త మదీనా వచ్చిన కొత్తలో ముస్లింలు జెరూసలేం వైపు తిరిగి నమాజు చేసేవారు. అంతకుముందు వచ్చిన ఎంతోమంది ప్రవక్తలు గౌరవించిన దిక్కు అది. ఒకరోజు మధ్యాహ్నం ప్రార్థన జరుగుతోంది. నమాజులో రకాత్‌లనే భాగాలు రెండు అయ్యాయి. మధ్యలో ఆజ్ఞ వచ్చింది, మక్కాలోని పవిత్ర మసీదు వైపు తిరగమని. ప్రవక్త అక్కడికక్కడే ప్రార్థన ఆపకుండా కాబా వైపు తిరిగిపోయారు. వెనకాల నిలబడినవాళ్ల పరిస్థితి ఒక్క క్షణం ఊహించండి. ఇందాకటిదాకా దేవుడి ముఖం అనుకున్న దిక్కుకు ఇప్పుడు వీపు పెట్టాలి. ఆ కలవరంలో కొందరు ప్రార్థన మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయారని, విశ్వాసమే వదులుకున్నారని ఆయన రాస్తారు.

ఆ తర్వాత ఆయన అడిగే ప్రశ్న గట్టిది. దేవుడికి అన్ని చోట్లూ సమానమే కదా, జెరూసలేం దిక్కునే ఉంచేసి ఈ గందరగోళం లేకుండా చేయలేడా? చేయగలడు. చేయలేదంటే, ప్రార్థించేవాడు దిక్కును నమ్ముతున్నాడా, దిక్కు చూపినవాణ్ణి నమ్ముతున్నాడా అన్నది తేలడానికే అంటారాయన. ఈ లెక్క ప్రకారం పాత మతం చెడిపోయిందనో, తప్పయిందనో కొత్తది రాదు. నియమం మీద మమకారం పెరిగి, నియమం ఇచ్చినవాడి మీది ధ్యాస తగ్గినప్పుడు వస్తుంది. మనుషుల అవసరాలు మారినప్పుడూ వస్తుంది. మానెక్‌జీ అనే పార్శీ పెద్దమనిషికి రాసిన లేఖలో బహావుల్లా ఈ రెండో కారణం మీదే నిలబడతారు. దేవుణ్ణి వైద్యుడిగా చెప్పి, ఒక్కో కాలానికి ఒక్కో జబ్బు, నిన్నటి మందు ఇవాళ పనిచేయదు, మీరు బతుకుతున్న కాలానికి ఏం కావాలో దాని గురించి ఆలోచించండి అంటారు. ఈ కాలానికి కావలసింది మనుషులంతా ఒకటి కావడం అన్నది ఆయన నిర్ధారణ.

మరి బహాయిలు ఇప్పుడు ఏ దిక్కుకు తిరుగుతారు? జెరూసలేం కాదు, మక్కా కాదు. బహావుల్లా 1892లో మరణించి సమాధి అయిన బహ్జీ వైపు. అది ఇప్పటి ఇజ్రాయెల్‌లోని అక్కా నగరం పక్కన ఉంది. రోజువారీ విధి ప్రార్థనకు నిలబడే ప్రతి బహాయి ఆ వైపే తిరుగుతారు. "అన్ని మతాలూ ఒకటే" అన్న మాటకు, కొత్త దిక్కు పెట్టుకోవడానికి వాళ్ల దృష్టిలో పేచీ లేదు. మీ దృష్టిలో ఉండవచ్చు. రెండూ సహజమే.

ఇది సర్వమత సమ్మేళనం కాదు, విడి మతమే అన్న సంగతి ఒకసారి కోర్టులో తేలింది. 1925లో ఈజిప్టులోని బేబా అనే ఊళ్లో ఇస్లామిక్ కోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ముగ్గురు బహాయిలు ముస్లిం స్త్రీలను పెళ్లి చేసుకున్నారు, ఆ పెళ్లిళ్లు చెల్లుతాయా అని. బహాయి మతం పూర్తిగా వేరే మతం, తనకంటూ సొంత చట్టాలున్నాయి, బహాయి ముస్లిం కాడు అని చెప్పి కోర్టు ఆ పెళ్లిళ్లను రద్దు చేసింది. తీర్పు వాళ్లకు వ్యతిరేకంగా వచ్చింది. అయినా అప్పటి బహాయి అధినేత షోఘీ ఎఫెండీ దాన్ని ఆనందంగా స్వీకరించారు. ఇస్లాంలో ఒక శాఖ కాదు, స్వతంత్ర మతం అని ప్రత్యర్థే ఒప్పుకున్నాడు కదా! తర్వాత 1930లలో పాశ్చాత్య దేశాల బహాయిలను చర్చి సభ్యత్వాలు వదులుకోమని ఆయనే చెప్పారు. ఏసును వదులుకోమని కాదు, చర్చిలో పేరు తీసేయించుకోమని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మీరు బహాయి అయితే కృష్ణుణ్ణి కాదనమని ఎవరూ అడగరు. కానీ ఒకేసారి రెండు మతాల్లో సభ్యులుగా ఉండడం మాత్రం వాళ్ల నియమాల ప్రకారం కుదరదు. సభ్యులైతే విధి ప్రార్థన, మార్చిలో 19 రోజుల ఉపవాసం, మద్యం ముట్టకపోవడం, పెళ్లికి ఇరువైపులా తల్లిదండ్రుల సమ్మతి లాంటి నియమాలన్నీ వర్తిస్తాయి.

ఇక పునర్జన్మ. మీ ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఎందుకంటే "ఏకత్వం" అన్నమాటకు అసలు పరీక్ష ఇక్కడే ఉంది.

బహాయిల దృష్టిలో కృష్ణుడు దేవుడు మనిషిగా దిగివచ్చిన అవతారం కాదు. అద్దంలో సూర్యుడు పూర్తిగా కనిపిస్తాడు, కానీ సూర్యుడు ఆకాశం నుంచి దిగి అద్దంలో కూర్చోలేదు. సందేశకులు ఆ అద్దాలంటారు. ఏసు విషయంలోనూ ఇదే మాట. ఇక ఆత్మ తల్లి గర్భంలో మొదలవుతుంది, మరణం తర్వాత వేరే లోకాల్లో ముందుకు సాగుతుంది, మళ్లీ ఈ లోకంలో ఇంకో ఒంట్లోకి రాదు. పునర్జన్మను అబ్దుల్ బహా సూటిగానే ఖండించారు.

మరి సందేశకులు "మళ్లీ వస్తాం" అన్న మాటలు? దీనికి అబ్దుల్ బహా బైబిల్‌లోంచి ఒక ముడి విప్పుతారు. మెస్సీయ కంటే ముందు ఏలియా ప్రవక్త తిరిగి రావాలని యూదుల నమ్మకం. బాప్తిస్మమిచ్చే యోహానును "నువ్వు ఏలియావా?" అని అడిగితే, కాదన్నాడు. ఏసు మాత్రం ఆ యోహానే రావలసిన ఏలియా అన్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చెప్పి ఉండాలి కదా? అక్కర్లేదంటారు అబ్దుల్ బహా. మనిషిగా చూస్తే యోహాను ఏలియా కాదు, అతని మాట నిజం. గుణాలను, చేసిన పనిని చూస్తే యోహానులో ఏలియా తిరిగి వచ్చాడు, ఏసు మాటా నిజం. తిరిగి వచ్చేది వ్యక్తి కాదు, ఆ వ్యక్తిలో వెలిగిన గుణం. బాబ్ మేనమామకు దొరికిన జవాబు కూడా ఇదే దారిలో ఉంటుంది. వెయ్యేళ్ల నాటి ఒళ్లు రానక్కర్లేదు, వచ్చిన పని, వచ్చిన అధికారం అవే అయితే వచ్చినవాడు ఆయనే. ఇదే పద్ధతిలో క్రైస్తవులు ఎదురుచూసే ఏసు రెండో రాక, బౌద్ధుల మైత్రేయుడు, హిందువులు ఎదురుచూసే పదో అవతారం: అన్నీ బహావుల్లాలో నెరవేరాయని షోఘీ ఎఫెండీ రాశారు.

మీ స్నేహితురాలు ఏదో ఒకరోజు భగవద్గీత నాలుగో అధ్యాయంలోని "యదా యదా హి ధర్మస్య" శ్లోకం చెబుతుంది. ఇప్పటికే చెప్పి ఉంటే ఆశ్చర్యం లేదు. ధర్మానికి హాని కలిగినప్పుడల్లా నేను వస్తాను అన్న ఆ మాట ఈ సిద్ధాంతానికి అచ్చంగా సరిపోయినట్టు ఉంటుంది. అది ఏడో శ్లోకం. రెండు శ్లోకాలు వెనక్కి వెళ్లి అయిదోది చదవండి: "బహూని మే వ్యతీతాని జన్మాని తవ చార్జున." నాకూ నీకూ ఎన్నో జన్మలు గడిచాయి అర్జునా, వాటన్నిటినీ నేను ఎరుగుదును, నీవు ఎరుగవు అంటున్నాడు కృష్ణుడు. "నాకు" అన్నదాన్ని ఏలియా పద్ధతిలో, సందేశకుల పరంపర అని సర్దుకోవచ్చు. "నీకు" అన్నదాన్ని అర్జునుడికి ఎలా సర్దుతారు? ఆమెను తప్పకుండా ఇది అడగండి. ఎత్తిపొడుపుగా కాదు, కుతూహలంగా.

నిజాయితీగల బహాయి దీనికి ఒక జవాబు చెప్పవచ్చు. కృష్ణుడి పేరిట, బుద్ధుడి పేరిట ఇవాళ మన చేతిలో ఉన్న గ్రంథాలు అక్షరం అక్షరం వాళ్లు చెప్పినవేనని నమ్మకంగా అనలేమని షోఘీ ఎఫెండీ తరఫున రాసిన ఒక లేఖలో ఉంది. అంటే కృష్ణుణ్ణి దైవ సందేశకుడిగా ఒప్పుకుంటారు, కృష్ణుడు చెప్పినట్టుగా గీతలో ఉన్న ప్రతి మాటనూ ప్రమాణంగా ఒప్పుకోరు. ఖురాన్ విషయంలో మాత్రం వాళ్లకు ఈ అనుమానం లేదు, దాన్ని ప్రామాణికంగానే తీసుకుంటారు. ఈ తేడా చాలామంది హిందువులకు చెప్పరు. దాచాలని కాదు, చెప్పేవాళ్లకే తెలియకపోవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, ఈ సిద్ధాంతం బలం, ఇబ్బంది రెండూ ఒకేచోట ఉన్నాయి. అందరు ప్రవక్తలనూ ఒకే వరుసలో గౌరవంగా నిలబెడుతుంది, అవతలి మతస్థుణ్ణి నరకానికి పంపదు, మహమ్మద్ ప్రవక్తను గౌరవించమని హిందువుకూ, కృష్ణుణ్ణి గౌరవించమని ముస్లిం కుటుంబంలో పుట్టిన బహాయికీ చెబుతుంది. దీనికి సాటి రాగలిగేవి ఎక్కువ లేవు. కానీ ఆ వరుసలో నిలబెట్టడం కోసం ఒక్కో మతం ప్రాణంగా చూసుకునే మాటను కొత్తగా వివరిస్తుంది. హిందువుతో పునర్జన్మ అక్షరాలా తీసుకోవద్దంటుంది. క్రైస్తవుడితో ఏసు తిరిగి రావడం అయిపోయిందంటుంది. ముస్లింతో చివరి ప్రవక్త అన్నదానికి మీరనుకునే అర్థం కాదంటుంది. వినేవాళ్లకు ఇది ఏకత్వంలా కాక, "మీ మతం మీకే సరిగా తెలియదు" అన్నట్టు వినిపించవచ్చు. ఇరాన్‌లో మతపెద్దలకు అలాగే వినిపించింది. 1979 విప్లవం తర్వాత అక్కడ 200 మందికి పైగా బహాయిలను చంపారు. అంత క్రూరత్వానికి ఏ సమర్థనా లేదు. వాళ్లు చెప్పేది మాత్రం ఎవరినీ కదిలించకుండా జారిపోయే "అన్నీ మంచివే" రకం మాట కాదని గుర్తించాలి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అడిగి ఉంటే బాగుండేది. విడతలుగా రావడం నిజమైతే బహావుల్లాతో ఆగిపోతుందా? ఆగదు. 1873 ప్రాంతంలో అక్కాలో రాసిన తన చట్ట గ్రంథం కితాబ్-ఎ-అఖ్దస్‌లో ఆయనే, నిండా వెయ్యేళ్లు గడిచేలోపు దేవుడి నుంచి నేరుగా సందేశం తెచ్చానని ఎవరన్నా నమ్మొద్దన్నారు. అంటే వెయ్యేళ్ల తర్వాత ఎవరో రావచ్చన్నమాట. వస్తే ఇవాళ్టి బహాయి నియమాలు, ఆ బహ్జీ దిక్కుతో సహా, మారవచ్చు. తానే చివరివాణ్ణని చెప్పుకోకపోవడం ఈ మతంలో నాకు ముచ్చటగొలిపే విషయం. వెయ్యేళ్ల గడువు పెట్టడంలో ముందుచూపు ఎంత, జాగ్రత్త ఎంత అన్నది మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడు వెళ్లాలా వద్దా అన్నది. నన్నడిగితే వెళ్లండి. టెన్షన్ పడాల్సిందేమీ లేదు. ఇళ్లలో జరిగే ప్రార్థనా సమావేశాలకు ఎవరైనా రావచ్చు. అక్కడ ఏ మత గ్రంథమైనా చదువుతారు, మీకు ఇష్టమైన శ్లోకం మీరు చదవచ్చు. వాళ్ల ప్రార్థనా మందిరాల్లోనూ ఇదే పద్ధతి. 1986లో తెరిచిన ఢిల్లీ లోటస్ టెంపుల్‌కు ఎప్పుడైనా వెళ్తే గమనించండి. లోపల విగ్రహం ఉండదు, ఉపన్యాసం ఉండదు, వాయిద్యం మోగదు. అన్ని మతాల గ్రంథాల్లోంచి చదవడం, గొంతుతో పాడడం, అంతే. వివరించి చెప్పే పూజారి కూడా ఎవరూ ఉండరు, ఎందుకంటే వాళ్లకు పూజారి వర్గమే లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పందొమ్మిది రోజులకోసారి జరిగే విందు సమావేశం సభ్యుల కోసం ఉద్దేశించింది, సంఘం పనుల చర్చ అక్కడే జరుగుతుంది. దానికి మిమ్మల్ని పిలవకపోతే నొచ్చుకోకండి.

మీ నాన్నగారి అనుమానం తీసిపారేయాల్సింది కాదు. బహాయిలు తమ మతాన్ని నలుగురికీ చెప్పాలనుకుంటారు, మీరు చేరితే సంతోషిస్తారు, అందులో దాపరికం లేదు. అయితే వాళ్ల సొంత నియమాలే కొన్ని హద్దులు పెట్టాయి, వాటిని కొలతగా పెట్టుకుని మీరే చూసుకోవచ్చు. ఎవరి సత్యాన్ని వాళ్లే స్వయంగా వెతుక్కోవాలన్నది వాళ్ల మొదటి సూత్రాల్లో ఒకటి. బహాయి తల్లిదండ్రుల పిల్లలు కూడా 15 ఏళ్లు వచ్చాక తమ విశ్వాసాన్ని తామే చెప్పుకోవాలి. ఒత్తిడి చేయడం, ఆశ చూపడం, వాదించి ఓడించాలని చూడడం వాళ్లకు నిషిద్ధం. అలాంటిదేదైనా కనబడితే అది ఆ మనిషి తొందర. మొహమాటం లేకుండా ఆమెతో చెప్పేయండి, నిజమైన బహాయి అయితే వెనక్కి తగ్గుతుంది.

డబ్బు సంగతి కూడా నాన్నగారికి చెప్పండి, ఆయన కాస్త కుదుటపడతారు. బహాయి నిధికి సభ్యులు కానివాళ్ల దగ్గర విరాళం తీసుకోరు, మీరు ఇస్తానన్నా వద్దంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఈఖాన్ చదవడానికి ఇస్తారేమో అడగండి. మొత్తం ఒకేసారి చదవాలని కూర్చోకండి, ప్రార్థన దిక్కు మారిన ఘట్టం, సందేశకుల రెండు స్థానాల గురించి ఉన్న భాగం చాలు. పక్కన గీత నాలుగో అధ్యాయం పెట్టుకుని అయిదో శ్లోకం మీద ఆమె ఏమంటుందో వినండి, జవాబు వెంటనే రాకపోతే వచ్చే వారానికి వాయిదా వేయండి.